అచ్చు అతికే పిల్లకు సుట్టీ

"కదలకు పిల్లా, గా నాలుగు పోగుల కుచ్చులే ఉన్నయి. అవి అయినంక లేద్దువుగాని" అని మామ నా నెత్తి మీదుగా వంగి చెబుతుండగానే, గుమ్మం దగ్గర ఇంకొకామె వచ్చి నిలబడింది.

"అయిపోయిందా, ఇంకా లేదా? మా ఇంటికి పొద్దుగాలనే వస్తనంటివి!"

"ఆమెను తొందర పెట్టకు. పట్టుపోగు పని" అన్నాడు మామ, నా తరఫున మాట్లాడుతున్నట్టుగా. ఆయన ఎప్పుడూ అంతే. నా తరఫున మాట్లాడుతూనే నన్ను కూర్చోబెడతాడు.

నేను మగ్గంలో పోగుల మధ్య మఠం వేసుకుని కూర్చుని ఉన్నాను. ఎడమచేతి పక్కన మట్టి మూకుడులో బూడిద. వేళ్ళకు బూడిద అద్దుకోవడం, పాత పోగు కొన, కొత్త పోగు కొన పక్కపక్కన పట్టుకోవడం, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క తిప్పు తిప్పి, మడిచి, అదమడం. మళ్ళీ బూడిద. మా పని అంతే. చూసేవాళ్ళకు ఏమీ కనిపించదు. పొద్దున చూసినా మధ్యాహ్నం చూసినా నేను కూర్చున్నచోటే కూర్చుని ఉంటాను, వేళ్ళు మాత్రం పేలు కుక్కుతున్నట్టు ఆడుతుంటాయి.

ఈ పనిని అచ్చు అతకడం అంటారు. అచ్చు అంటే మగ్గం మీద పోగులన్నీ వరసగా దూరి ఉండే దువ్వెన లాంటి పలక. గద్వాలలో మగ్గం ఎక్కడుంటే అక్కడ మా పని ఉంటుంది. మా చీరకు ఒళ్ళంతా నూలు, చెంగు పట్టు. ఒంటి పడుగు అయిపోయి చెంగు పడుగు మొదలయ్యేచోట నూలు పోగుకు పట్టు పోగును ఒక్కొక్కటే అతకాలి. ఒక్క పోగు తప్పినా, ఒకదాని చోట ఇంకొకటి పడ్డా, ఆ వరస అక్కణ్ణుంచి చివరిదాకా తప్పే. అతికేదాకా మగ్గం ఆగి ఉంటుంది. మగ్గం ఆగితే ఇల్లు ఆగినట్టే. అందుకని నన్ను పిలవడానికి వచ్చేవాళ్ళెవరూ నడిచి రారు, ఉరికి వస్తారు.

ఆ రోజు పెత్తరమాస. అమావాస్య నాడు మావాళ్ళు మగ్గం నేయరు. పోగును అటూ ఇటూ నడిపే నాడె పట్టుకోరు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, పొద్దున్నే తలస్నానాలు చేసి, మగవాళ్ళు అరుగుల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. ఆడవాళ్ళు తంగేడు పూలు తెచ్చి బతుకమ్మ పేర్చుకుంటారు. అంతమంది కూర్చుంటే నేనెందుకు కూర్చోలేదని అడగండి. నేనూ అడిగాను. "మగ్గం ఎట్లాగూ ఖాళీగ ఉన్నది గద, ఇయ్యాలనే అతికిచ్చుకుంటే రేపటికి నేసుకోవచ్చు" అన్నారు. ఒక ఇల్లు కాదు, అన్ని ఇళ్ళూ. అందరి సెలవులూ, మా మాటలో సుట్టీలు, కలిపి నా నెత్తిన పెట్టారు. అమావాస్య వచ్చిందంటే గద్వాలలో మగ్గాలన్నీ పడుకుంటాయి, నేను ఒక్కదాన్నే లేచి ఉంటాను.

మామ అంటే నా మేనమామ కాదు. నాలుగు మగ్గాలున్న ఆసామి, వాడకట్టులో అందరికీ మామే. ఆయన మగ్గాల్లో ఒకదాని మీద మా ఆయన నేస్తాడు. అంటే మామ చెప్పిన మాట మా ఇంట్లో రెండు వైపుల నుంచీ వస్తుంది.

"అయిందా?"

"ఆఁ, అయింది" అని లేవబోయాను. నా తల లేవలేదు. ఎవరో జుట్టు పట్టుకుని వెనక్కి గుంజినట్టయింది.

"లేవకు! లేవకు! పట్టు తెగుతది!" అని మామ అరిచాడు.

పండగనాడు తలంటుకుని, జుట్టు ఆరక ముందే వదులుగా ముడేసుకుని పనికి వచ్చానా, ఆ ముడిలో నుంచి నాలుగు వెంట్రుకలు జారి పోగుల్లో పడ్డాయి. నల్లంచు పడుగు. పోగు నలుపు, వెంట్రుక నలుపు. నేను నా వెంట్రుకలనే వేళ్ళ మధ్య తిప్పి, మడిచి, అదిమి, చెంగు పడుగుకు అతికేశాను. వేళ్ళకు తెలియలేదు. పట్టు ఏదో, నూలు ఏదో, కళ్ళు మూసుకుని చెప్పే వేళ్ళు నావి. ఆ వేళ్ళకు నా వెంట్రుకే తెలియలేదు.

గుమ్మంలో ఆమె పకపకా నవ్వింది. "చెంగుల జుట్టు నేస్తున్నవా ఏందే! కట్టుకున్నామె ఎన్నడు కొప్పు పెట్టుకునే పనిలేదు!"

నేనూ నవ్వాను. మామ మాత్రం నవ్వలేదు. కత్తెర తెచ్చి, "జుట్టు కత్తిరిస్త, పోగు జోలికి పోను, భయపడకు" అన్నాడు. నాకు ధైర్యం చెబుతున్నాడో, పట్టుకు ధైర్యం చెబుతున్నాడో అర్థం కాలేదు. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే వేళ్ళ నిండా బూడిద. తుడుచుకుంటే ఇంకా మండింది.

గుమ్మంలో ఆమె పాపమంది. పాపమని, "ఏడ్పు అయినంక జర మా ఇంటికి రా" అంది.

నేను ఆమె ఇంటికి పోలేదు. మా ఇంటికి పోయాను.

మా అత్త కూడా అచ్చు అతికినామే. ఈ పని నాకు ఆమే నేర్పింది. ఇప్పుడు ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. వాకిట్లోకి వచ్చిందెవరో వాళ్ళు దగ్గితే తప్ప తెలియదు. అందుకే మా ఇంటికి వచ్చేవాళ్ళందరూ జబ్బు చేసినట్టు దగ్గుతూ వస్తారు.

"ఏందే, పండుగపూట గింత జల్దీ వచ్చినవ్?"

జరిగింది చెప్పాను.

"నా కాలంల నేనెన్నడు లేదనలేదు తెలుసా? దీపం పెట్టుకొని అతికిన. జరమొచ్చి అతికిన. నీ మొగుడు కడుపుల ఉన్నప్పుడు నొప్పులు వస్తుంటె అతికిన. ఒక్కరోజు సుట్టీ తీసుకోలే!" అని గొప్పగా చెప్పి, మంచినీళ్ళ చెంబు అనుకుని నూనె చెంబు అందుకుంది. నేను చేతిలోంచి తీసుకుని నీళ్ళ చెంబు ఇచ్చాను. ఆమె తాగింది.

నేను అత్తను చూస్తూ కూర్చున్నాను. నా బొటనవేలి మీద చర్మం అరిగి నున్నగా అయిపోయింది, చూపుడువేలు పగిలింది. సాయంత్రాలు దీపం చుట్టూ రంగుల సున్నా కనిపిస్తోంది. మొన్న మా ఆయన ఉప్పు అడిగితే ఆయన మీద గయ్యిమని లేచాను, ఉప్పు అడిగినందుకు. వేళ్ళు పోతే నా దగ్గర ఇంకో సామాను లేదు. కుమ్మరికి సారె పాడైతే ఇంకోటి చేయించుకుంటాడు. నేను ఎవరి దగ్గర చేయించుకోవాలి?

దవాఖానాకు కూడా పోయి చూపించుకున్నాను. కంపౌండరు నా వేళ్ళు ఇటు తిప్పీ అటు తిప్పీ చూసి, "వీటికి మందు లేదమ్మా. కొన్ని రోజులు పని పెట్టకు, వాటంతట అవే మానుతాయి" అన్నాడు. లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచి, "కానీ అంతకు ముందు మా ఆవిడ చీరొకటి మగ్గం మీదున్నది, అది అతికేసి మొదలుపెట్టు" అన్నాడు.

అప్పుడు పెట్టాను నా ఖానూను, నా సొంత కట్టుబాటు. రాసి అంటించలేదు, రాస్తే చదివేవాళ్ళెవరు? ఇంటింటికీ పోయి నోటితోనే చెప్పాను. పొద్దు పొడిచి మా వాకిట్లోకి ఎండ వచ్చాక వస్తాను. మగ్గం ఉన్న గదిలో వెలుతురు తగ్గగానే లేస్తాను. దీపం పెట్టి అతకను. రోజుకు ఒక్క ఇల్లు. పని చెప్పాలనుకున్నవాళ్ళు పొద్దున మా ఇంటికే వచ్చి చెప్పాలి. బాయి దగ్గరా, సంతలోనూ, పెళ్ళి పందిట్లోనూ చెప్పొద్దు. అమావాస్య నాడు మీకు సుట్టీ అయితే నాకూ సుట్టీ.

మిగతావన్నీ సరే అన్నారు. సరే అనడం మావాళ్ళకు కష్టమేమీ కాదు. చివరిదానికే ఊరు ఊరంతా లేచింది.

"అమావాస్యకు నేసెటోళ్ళకు సుట్టీ. నువ్వు నేస్తవా?" అన్నాడు మామ.

"నేయను మామా."

"నాడె పడ్తవా?"

"పట్టను."

"మరి నీకెందుకు సుట్టీ? పద్ధతి తెల్వకుంటె అడగాలె. అతుకుడు నేత కిందికి రాదు."

"మరి తప్పు పడితే నేత పాడైందని నన్నెందుకు తిడ్తవ్ మామా? అతుకుడు నేత కాదు గద!"

మామ కాసేపు గడ్డం గీరుకున్నాడు. "అది వేరే, ఇది వేరే" అన్నాడు. పెద్దవాళ్ళకు జవాబు దొరకనప్పుడు ఈ మాట దొరుకుతుంది.

"సుట్టీలు కచేరీల పనిచేసెటోళ్ళకు ఉంటయి పిల్లా" అని ఇంకొకాయన నచ్చజెప్పాడు. "శుక్రవారం తాసీలు కచేరీ మూస్తరు. ఎందుకు? ఆడ నవాబు సర్కారు ఉన్నది. నీకు సర్కారెవరు?"

"నేనే" అన్నాను. నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఇంటికి వచ్చాక ఆలోచిస్తే అది నిజమే. కచేరీలో గుమాస్తాకు సుట్టీ ఇవ్వడానికి పైన ఒకరున్నారు. నా పైన ఎవరూ లేరు, కిందా ఎవరూ లేరు. నేను ఇచ్చుకోకపోతే నాకు ఇచ్చేవాళ్ళు పుట్టలేదు.

ఖానూను పెట్టడం ఒక పూట పని. నిలబెట్టడం అనేది ప్రతి పూటా పని. వెలుతురు తగ్గి నేను లేవబోతే, "జానెడే ఉన్నది తల్లీ, జానెడు" అనేవారు. జానెడు పడుగు అంటే ఎన్ని పోగులో వాళ్ళకు తెలియదా? ఒకామె గది తలుపు తెరిచి, కిటికీ తెరిచి, ఇంకా చాలకపోతే కప్పు మీద రెండు బండలు పక్కకు జరిపించి, "ఇగో, వెలుతురు!" అంది. ఇంకొకరింట్లో వెలుతురు తగ్గే వేళకు సరిగ్గా గారెలు వేసి తెచ్చేవారు. గారెలు తిన్న మొహంతో ఎట్లా లేస్తాం? మొదటిసారి తిని, అతికి, చీకట్లో ఇంటికి వచ్చాను. రెండోసారి గారెలు కొంగులో కట్టుకుని లేచాను. అతికినంతవరకు విడిగా ఉంచి, మిగిలిన పోగులు కుచ్చులు కుచ్చులుగా ముడివేసి, "ఇది మళ్ళ రేపు" అని చెప్పి వచ్చేయడం నేర్చుకున్నాను. ఆకాశం విరిగి పడలేదు. రేపు పోతే ఆ ముడి అక్కడే ఉంది.

అన్నిటికంటే పెద్ద గండి మా ఇంట్లోనే పడింది. నేను పొద్దున మాత్రమే పని ఒప్పుకుంటానంటే, మా అత్త రోజంతా అరుగు మీద కూర్చుని ఒప్పుకునేది. దగ్గినవాళ్ళందరికీ "వస్తది, వస్తది, నేను పంపిస్త" అనేది. ఒకరోజు ముగ్గురు ఒక్కసారే వచ్చి నన్ను లాక్కుపోవడానికి నిలబడితే నాకు సంగతి తెలిసింది.

"అత్తా, నువ్వెందుకు మాటిచ్చినవ్?"

"నోరారా అడిగితె లేదంటనా? నా నోట్ల లేదన్న మాట రాదు."

"సరే, నువ్వు మాటిచ్చినవ్ కాబట్టి నువ్వే పోయి అతుకు."

ఆ మాట అన్నాక నాలుక కరుచుకున్నాను. అత్త చాలాసేపు తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది, కనిపించినంతవరకు. తర్వాత ఆ ముగ్గురి వైపు తిరిగి, "పొద్దుగాల రాండ్రి. గిప్పుడు దాని యాళ కాదు" అంది. అంతకు ముందు ఆమె నోట అటువంటి మాట నేను వినలేదు. ఇక ఆ రోజు నుంచీ అరుగు మీద కావలి ఆమెదే. నా ఖానూను నాకన్నా గట్టిగా చెప్పేది. దగ్గిన ప్రతివాళ్ళనూ, మా ఇంటికి ఊరికే నిప్పు కోసం వచ్చిన పక్కింటామెను కూడా, "పొద్దుగాల రా" అని పంపించేసేది.

పని పోయిందా అంటే కొంత పోయింది. దీపం పెట్టి అతికే ఇంకొకామె కోసం రెండిళ్ళవాళ్ళు రాజోలిదాకా పోయారు. ఒక ఇంటివాళ్ళు తిరిగి వచ్చారు, ఒక ఇంటివాళ్ళు రాలేదు. రానివాళ్ళు గుర్తొస్తే ఇప్పటికీ గుండెలో కొంచెం కలుక్కుమంటుంది. కానీ పట్టు మళ్ళీ వేళ్ళకు కొంచెం కొంచెంగా తెలుస్తోంది.

పగుళ్ళు మాత్రం మానలేదు. రోజూ బూడిద అద్దుతుంటే ఎట్లా మానుతాయి? కంపౌండరు చెప్పింది కొన్ని గంటలు కాదు, కొన్ని రోజులు. సరే, దీపావళి పండగ చీరల తొందర అయిపోయాక అక్క ఇంటికి పోతానన్నాను. మా అక్కను కృష్ణకు అవతల, ఆత్మకూరు దగ్గర ఏటి ఒడ్డు ఊళ్ళో ఇచ్చారు. వాళ్ళది వేరుశనగ సేద్యం, ఆ ఊళ్ళో మగ్గం అన్నది లేదు. అందుకే ఆ ఊరు. గద్వాలలోనే ఇంట్లో పడుకుని సుట్టీ అంటే ఎవరు నమ్ముతారు? మధ్యలో ఏరు ఉంటే నాకూ ధైర్యం.

పోయే ముందు అందరికీ చెప్పాను. "ఎవరి పడుగు అయిపోవస్తున్నదో ఇప్పుడే చెప్పుండ్రి, ముందే అతికేసి పోత. ఈ అష్టమికి పోతే పున్నం వెళ్ళినంకనే వస్త." చాలామంది చెప్పారు. రోజుకొకటి చొప్పున అతికేశాను. మామను అడిగితే, "మాదానికి ఇంకా చానా ఉన్నది, నువ్వు పోయి రా" అని పెద్దమనసు చూపించాడు. ఉన్నదో లేదో మగ్గం దగ్గరికి పోయి చూడకుండానే చెప్పాడు. మా ఆయనను "నీ మగ్గం మీద ఎంతున్నది?" అని అడిగితే, "ఉంటది" అన్నాడు. మా ఆయన మాటలు పోగులకన్నా పొదుపుగా వాడతాడు.

పుట్టిలో, అంటే బుట్ట పడవలో, ఏరు దాటాను. గుండ్రంగా తిరుగుతూ పోయే పుట్టిలో కూర్చుంటే గద్వాల ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి కనిపించింది. అవతలి ఒడ్డున దిగాక గానీ భుజాలు కిందికి దిగలేదు.

సుట్టీ తీసుకోవడం అలవాటు లేనివాళ్ళకు సుట్టీ కూడా ఒక పనే. మొదటిరోజు అక్క ఇంట్లో ఉన్న పత్తంతా తీసి దీపం వత్తులు చేసేశాను. రెండోరోజు మంచం నులక వదులైందని బిగించాను. అక్క చూసి చూసి నా చేతులకు ఆముదం రాసి, రెండు చేతులకూ పాత గుడ్డలు చుట్టింది.

"ఇగ ఏం తిప్పుతవో తిప్పు!" అంది. అన్నం కూడా తానే కలిపి పెట్టింది. చిన్నప్పుడు మా అమ్మ పోయాక ఆమె పెట్టినట్టే. ఆ మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం దాకా లేవలేదు. కలలో ఒక్క పోగు కూడా రాలేదు.

ఇంకో రెండు రోజులు గడిచాయో లేదో, పొద్దున మేం రొట్టెలు తింటుండగా వాకిట్లో ఎవరో దగ్గారు. అది గద్వాల దగ్గు.

చూస్తే మామ. పుట్టి ఒడ్డుకు చేరకముందే దూకినట్టు నడుము దాకా తడిసి, భుజం మీద తెల్లగుడ్డలో చుట్టిన పొడుగాటి మూట. మూటను పసిబిడ్డను దించినట్టు రెండు చేతులతో అరుగు మీద దించాడు. నేను విప్పకుండానే గుర్తుపట్టాను. మగ్గం మీద నుంచి అచ్చును పోగు కొనలతో సహా ఊడదీసి, కొత్త పడుగుతో కలిపి చుట్టి, ఏరు దాటించి తెచ్చాడు. నేను మగ్గం దగ్గరికి రాకపోతే మగ్గమే నా దగ్గరికి వచ్చింది.

"పెండ్లి చీర పిల్లా. ఒప్పుకున్న. పడుగు ఉన్నదనుకున్న, చూస్తే లేదు. నీ మొగుడు మగ్గం కాడ ఊకెనే కూసున్నడు. వాడే పంపిండు నన్ను."

"ఏమన్నడు?"

"ఏమంటడు..." మామ గొంతు తగ్గించాడు. "'అడిగి చూడు' అన్నడు."

అక్క వాళ్ళ అత్త లోపలినుంచి వచ్చింది. మామకు కాళ్ళకు నీళ్ళిచ్చింది, రొట్టె పెట్టింది. కథంతా విని ఆమె గుండె కరిగిపోయింది. "అయ్యో, అంత దూరం తెచ్చుకున్నడు. ఒక్కటే గద, అతికియ్యరాదే పిల్లా?" అంది. పక్కింటాయన వచ్చి అదే అన్నాడు. ఆ ఊళ్ళో మగ్గమంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా వచ్చి మూటను చూసి, "ఒక్కటే గద" అన్నారు. నా బతుకంతా ఆ ఒక్కటితోనే నిండిపోయింది, వాళ్ళకేం తెలుసు?

గుడ్డలు విప్పి నా వేళ్ళు చూసుకున్నాను. చూపుడువేలి పగులు మీద పలచగా, గులాబీ రంగులో కొత్త చర్మం వచ్చింది. ఈ ఒక్క పడుగు అతికితే అది ఉండదు. మళ్ళీ మొదటికే. ఆ చర్మం ఉండాలంటే మామకు లేదని చెప్పాలి. చెబితే మా ఆయన మగ్గం ఇంకా కొన్నాళ్ళు ఖాళీ. మామకు కోపమొస్తే ఆ మగ్గమే ఇంకొకరికి పోవచ్చు.

"మామా, నేను అతకను" అన్నాను. "పున్నం వెళ్ళిన మర్నాడు వస్త. పొద్దుగాల మొదటి ఇల్లు నీదే. అంతకు ముందు కాదు."

"ఏరు దాటొచ్చిన గదనే!"

"నువ్వు దాటొస్తవని తెలిస్తే నేను ఇంకో ఏరు దాటి పోతుంటి మామా."

పక్కింటాయన నవ్వాడు. మామకు కోపం నెత్తికెక్కింది. "నువ్వు పుట్టకముందు అచ్చులు అతుకలేదా? నాకు రాదనుకున్నవా? అమ్మా, జర బూడిద ఇయ్యి!" అని అక్క వాళ్ళ అత్తను కేకేసి, అరుగు మీద మూట విప్పాడు. ఒక కొన స్తంభానికి కట్టి, ఇంకో కొన తన నడుముకు కట్టుకుని, మఠం వేసుకుని కూర్చున్నాడు. వచ్చు ఆయనకు. మా వాడకట్టులో అందరికీ వచ్చు. వచ్చు కాబట్టే అది ఒక పని అని వాళ్ళకు తోచదు.

నేను ఎదురుగా మంచం మీద పడుకున్నాను. అంత కష్టమైన పడక నేనెన్నడూ పడుకోలేదు. ఆయన బూడిద ఎక్కువ అద్దుతున్నాడు. తిప్పు రెండుసార్లు తిప్పుతున్నాడు. నాలుగు పోగులకొకసారి వరస మరిచిపోయి మొదటినుంచీ చూసుకుంటున్నాడు. నా వేళ్ళు గుడ్డల్లో గిలగిలా కొట్టుకున్నాయి. అక్క నా పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ, నేను కాలు కిందికి పెట్టినప్పుడల్లా మాట్లాడకుండా మళ్ళీ పైకి పెట్టింది.

ఎండ అరుగు మీదికి వచ్చేసరికి మామ నడుము పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి మెడ ఇటు తిప్పితే అటు రావడం లేదు. "గీ కండ్లల్ల మసకేందో..." అన్నాడు తనలో తాను. నేను "ఏం మామా?" అంటే, "ఏం లేదు, ఎండ" అన్నాడు. మబ్బు పట్టి ఉంది ఆకాశం.

సాయంత్రం పశువులు ఇంటికి వచ్చే వేళకు పడుగులో సగం కూడా కాలేదు. అక్క వాళ్ళ అత్త దీపం తెచ్చి ఆయన పక్కన పెట్టింది. మామ ఆ దీపాన్నీ, తన బొటనవేలినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత మిగిలిన పోగులను కుచ్చులు కుచ్చులుగా ముడివేసి, లేచి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"దీపం తీసుకపో అమ్మా" అన్నాడు. "దీపానికి అతుకుడు మంచిది కాదు. మా దగ్గర అది పద్ధతి."

ఎప్పటినుంచి పద్ధతో నేను అడగలేదు.

"నీ మొగుడి మగ్గం యాడికి పోదులే" అన్నాడు అన్నం తింటూ, నా వైపు చూడకుండా. ముద్ద కలపడానికి బొటనవేలు వాడకుండా మిగతా వేళ్ళతో తంటాలు పడుతున్నాడు. "పెండ్లోళ్ళకు నేనే చెప్త. అచ్చు అతికే మనిషి సుట్టీల ఉన్నదని. మేమే ఇచ్చినమని."

"ఎవరిచ్చిండ్రు మామా?"

"మేమే. ఇంకెవరు?"

ఇచ్చుకోనీ అనుకున్నాను. ఎవరిచ్చినా పున్నం దాకా ఉంటే చాలు.

మర్నాడు పొద్దున మామతోపాటు ఏటి ఒడ్డు దాకా పోయాను. సగమైనా అతకని మూట ఆయన భుజం మీదే ఉంది, నేను పట్టుకోలేదు. ఆయన పుట్టిలో కూర్చున్నాక, "చెయ్యి జర బాగున్నట్టుంది గద, నువ్వు గూడ ఎక్కరాదు?" అని మళ్ళీ అడిగాడు. నేను గుడ్డ చుట్టిన చెయ్యి ఊపాను. పుట్టి గిర్రున తిరిగి నీళ్ళ మీదికి పోయింది. మామ మనసు మార్చుకుని వెనక్కి దూకుతాడేమోనని, పుట్టి నడి ఏట్లోకి పోయేదాకా అక్కడే నిలబడి చూశాను. తర్వాత అక్క ఇంటికి వచ్చి, పెరుగూ రొట్టే తిని, మళ్ళీ పడుకున్నాను.